కరిగే పీచా, కరగని పీచా: పరీక్షలో ఏది రాయాలి, ఇంటికి ఏది కొనాలి

"కరిగే పీచుకూ కరగని పీచుకూ మధ్య భేదాలు రాయండి. 5 మార్కులు." న్యూట్రిషన్ చదివే పిల్లలు అన్నిటికన్నా ముందు బట్టీ పట్టేది ఈ ప్రశ్నకు జవాబే. రెండు నిలువు గడులు గీస్తారు. ఎడమవైపు పెక్టిన్, జిగురు, ఓట్స్, కొలెస్ట్రాల్ తగ్గుతుంది. కుడివైపు సెల్యులోజ్, లిగ్నిన్, గోధుమ పొట్టు, మలబద్ధకం పోతుంది. మార్కులు పడతాయి. ఆ పట్టికలో తప్పు కూడా ఏమీ లేదు.

పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ నుంచి నా దగ్గరికి చదువుకోవడానికి వచ్చే ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, మా అమ్మకు షుగర్ ఉంది. చెడు కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, 150 వచ్చింది. మూడు రోజులకోసారి గానీ మోషన్ అవ్వట్లేదు. మందుల షాపులో నిలబడ్డాను. ఇసబ్‌గోల్ ఉంది, ఓట్స్ ఉన్నాయి, ఏదో ప్రీబయోటిక్ ఫైబర్ పౌడర్ ఉంది. నోట్స్ ప్రకారం మలబద్ధకానికి కరగని పీచు కదా? మరి షాపాయన ఇసబ్‌గోల్ ఇస్తున్నాడు. అది కరిగేదే కదా?"

మంచి చిక్కులోనే పడింది. పట్టిక ప్రకారం షాపాయనది తప్పు. నిజానికి షాపాయనదే ఒప్పు. పరీక్ష రాసేవాళ్లకూ, ఇంట్లోవాళ్ల కోసం డబ్బా కొనేవాళ్లకూ ఈ చిక్కు విడిపోవాలని ఇది రాస్తున్నాను.

ముందు మూడు గ్లాసులు

నేను క్లాసులో నిర్వచనం చెప్పే ముందు టేబుల్ మీద మూడు గాజు గ్లాసులు పెడతాను. ఒక్కోదాంట్లో పావు లీటరు నీళ్లు. మొదటి గ్లాసులో ఒక చెంచా గోధుమ పొట్టు, రెండోదాంట్లో ఒక చెంచా ఇసబ్‌గోల్, మూడోదాంట్లో ప్రీబయోటిక్ ఫైబర్ పేరుతో అమ్మే ఇన్యులిన్ పొడి ఒక చెంచా వేసి కలిపి పది నిమిషాలు వదిలేస్తాను.

పొట్టు కొంచెం ఉబ్బి అడుక్కి దిగుతుంది. పైన నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. ఇన్యులిన్ చక్కెరలా మాయమైపోతుంది. గ్లాసు వంచితే మామూలు నీళ్లలాగే కారుతుంది. ఇసబ్‌గోల్ గ్లాసులో మాత్రం చెంచా నిలువుగా పెడితే మెల్లగా ఒరుగుతుంది. గ్లాసు వంచితే మొత్తం ఒక ముద్దగా జారుతుంది, బెండకాయ పులుసు అడుగున మిగిలిన జిగటలాగా.

ఇన్యులిన్, ఇసబ్‌గోల్ రెండూ పుస్తకంలో "కరిగే పీచు" కిందికే వస్తాయి. కళ్ల ముందు మాత్రం పాలకూ పెరుగుకూ ఉన్నంత తేడా. కాబట్టి ఏ పీచునైనా మూడు ప్రశ్నలు అడగాలి. నీళ్లలో కరుగుతుందా? నీళ్లను చిక్కబరుస్తుందా? పెద్దపేగులో ఉండే బ్యాక్టీరియా దాన్ని తినేస్తాయా? పరీక్ష పట్టిక మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఒంట్లో పని జరిగేది మాత్రం ఎక్కువగా రెండో, మూడో ప్రశ్నల మీద. ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్ఓ నిపుణుల కమిటీ 1998లో వెలువరించిన నివేదికలోనే "కరిగే, కరగని" అన్న విభజనను మెల్లగా వదిలేద్దామని సూచించింది. సిలబస్‌లు వదల్లేదు. మనం రెండూ తెలుసుకోక తప్పదు.

ఎందుకు ఒకటి కరుగుతుంది, ఇంకోటి కరగదు

ఇది పరీక్షలో "కారణం తెలపండి" రూపంలో వస్తుంది. సెల్యులోజ్‌లో ఉన్నది గ్లూకోజే. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్‌లో ఉన్నదీ గ్లూకోజే. సెల్యులోజ్‌లో అన్నీ బీటా 1,4 బంధాలే కాబట్టి గొలుసులు తిన్నగా, కట్టెల మోపులా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మధ్యలోకి నీళ్లు దూరవు. బీటా గ్లూకాన్‌లో అక్కడక్కడా బీటా 1,3 బంధం వస్తుంది. అక్కడ గొలుసు వంగుతుంది. వంకర కట్టెలను మోపు కడితే సందులు మిగిలినట్టు, ఆ సందుల్లోకి నీళ్లు చేరతాయి. మన చిన్నపేగులోని ఎంజైములు ఈ రెండు బంధాల్లో దేన్నీ తెంచలేవు, అందుకే రెండూ పీచే. లిగ్నిన్ మాత్రం అసలు పిండిపదార్థమే కాదు. ఎంసీక్యూలో దీన్ని ఏటా ఎవరో ఒకరు తప్పు రాస్తారు.

నాలుగు ఎంపికలు, ఒక్క చూపులో

| | గోధుమ పొట్టు (గరుకుది) | ఓట్స్, బార్లీ | ఇసబ్‌గోల్ | ఇన్యులిన్ పొడి |
|---|---|---|---|---|
| కరుగుతుందా | ఎక్కువ భాగం కరగదు | బీటా గ్లూకాన్ కరుగుతుంది | కరిగేదాని కిందే లెక్క | పూర్తిగా |
| చిక్కబరుస్తుందా | లేదు | అవును | బాగా, ముద్దగా | లేదు |
| బ్యాక్టీరియా తింటాయా | కొద్దిగా | బాగా | దాదాపు లేదు | బాగా, తొందరగా |
| మలబద్ధకం | పనిచేస్తుంది | ఓ మోస్తరు | బాగా పనిచేస్తుంది | నమ్మకం తక్కువ |
| ఎల్‌డీఎల్ | తగ్గదు | తగ్గుతుంది | తగ్గుతుంది | తగ్గుతుందని చెప్పలేం |
| తిన్నాక షుగర్ | పెద్దగా లేదు | తగ్గిస్తుంది | తగ్గిస్తుంది | పెద్దగా లేదు |
| గ్యాస్ | కొందరికి ఉబ్బరం | మధ్యస్తం | తక్కువ | ఎక్కువ |

పట్టికను అడ్డంగా కాకుండా నిలువుగా చదవండి. ఎల్‌డీఎల్, షుగర్ గడుల్లో "తగ్గుతుంది" అని ఉన్నవన్నీ నీళ్లను చిక్కబరిచేవే. మలబద్ధకం దగ్గర బాగా పనిచేసే రెండూ బ్యాక్టీరియా పెద్దగా తినలేనివే. కారణం తేలికే. పెద్దపేగులో ఏదైనా నీటిని పట్టి ఉంచాలంటే చివరిదాకా అది మిగలాలి కదా. దారిలోనే తినేస్తే పట్టి ఉంచడానికి ఏముంటుంది?

గోధుమ పొట్టు: గరుకే దాని బలం

పొట్టు స్పాంజిలా నీళ్లు పీల్చి మలం పెంచుతుందని రాస్తాం. అది సగం కథే. పొట్టు రేకులు పెద్దపేగు లోపలి పొరను గీరుతూ పోతాయి. పేగు దానికి జవాబుగా నీటినీ జిగురునూ వదులుతుంది. మలం మెత్తబడి ముందుకు కదులుతుంది. అందుకే గరుకు పొట్టు పనిచేస్తుంది, మెత్తగా పొడి కొట్టిన పొట్టుకు ఆ గుణం పోతుంది. కొందరిలో మెత్తటి పొడి మలాన్ని గట్టిపరుస్తుంది కూడా. "హై ఫైబర్" అని రాసున్న బిస్కెట్‌లో పొట్టు మెత్తటి పొడిగా ఉంటే డబ్బా మీది అంకె పెద్దదే, పని మాత్రం చిన్నది.

ఇక్కడే జొన్న రొట్టె సంగతి. సాయంత్రమైతే హైదరాబాద్‌లో ఏ సందు చివర చూసినా రొట్టెలు కొట్టే చప్పుడు వినిపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు అన్నం మానేసి అవి తీసుకుపోతుంటారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పదార్థాల పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో మొత్తం పీచు సుమారు 10.2 గ్రాములు. అందులో కరగనిది 8.5, కరిగేది 1.7. పాలిష్ బియ్యంలో మొత్తం కలిపి 2.8. రెండు రొట్టెలకు 80 గ్రాముల పిండి పడిందనుకుంటే వచ్చేది దాదాపు 8 గ్రాముల పీచు, అందులో కరిగేది 1.4 గ్రాములే. అన్నం కన్నా ఎంతో మేలు, సందేహం లేదు. కానీ "జొన్న రొట్టెలోని పీచు కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది" అని రాస్తే ఈ అంకెలు ఒప్పుకోవు. పైగా అది మెత్తగా మర పట్టించిన పిండి, గరుకు పొట్టు చేసే పని అంతా దాని నుంచి ఆశించకూడదు.

ఓట్స్, బార్లీ: మోతాదు దగ్గరే అందరూ జారతారు

బీటా గ్లూకాన్ పేగులో చిక్కటి గంజిలా మారి పైత్యరస ఆమ్లాలను తనలో చిక్కించుకుంటుంది. మామూలుగా అవి చిన్నపేగు చివర మళ్లీ రక్తంలోకి పీల్చుకోబడి కాలేయానికి చేరతాయి. ఇప్పుడు మలంతో బయటికి పోతాయి. పోయినదాన్ని భర్తీ చేయడానికి కాలేయం కొత్త పైత్యరస ఆమ్లాలు తయారుచేయాలి. వాటికి ముడిసరుకు కొలెస్ట్రాల్. దాన్ని రక్తంలోని ఎల్‌డీఎల్ నుంచి లాక్కుంటుంది. ఈ నాలుగు మెట్లు వరసగా రాస్తే 5 మార్కుల జవాబులో రెండు మార్కులు అక్కడే. "కొలెస్ట్రాల్‌ను పీల్చుకుంటుంది" అని ఒక్క ముక్కలో రాస్తే ఎగ్జామినర్ అర మార్కు ఇచ్చినా ఎక్కువే.

ఇక మోతాదు. ఎల్‌డీఎల్ మీద ప్రభావం కనిపించాలంటే రోజుకు కనీసం 3 గ్రాముల బీటా గ్లూకాన్ కావాలి. ఓట్స్‌లో అది సుమారు 4 శాతం. అంటే 40 గ్రాముల ఓట్స్‌తో చేసిన ఒక గిన్నెలో 1.6 గ్రాములు. 3 గ్రాములకు 75 గ్రాముల ఓట్స్ కావాలి, పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఇంకో గిన్నె. అంతా సక్రమంగా తిన్నా ఎల్‌డీఎల్ తగ్గేది ఓ 5 శాతం. 150 ఉన్న అమ్మకు 142, 143 దగ్గరికి వస్తుంది. మందు మానేసేంత తగ్గుదల కాదు, మందుకు తోడు. ఓట్స్‌తో వచ్చే పిండిపదార్థం కూడా లెక్కలోకి వస్తుందని షుగర్ ఉన్నవాళ్లు మరవకూడదు. టిఫిన్‌కి అదనంగా కాదు, టిఫిన్ బదులు తినాలి.

ఇసబ్‌గోల్: పట్టికలో ఇమడని మనిషి

ఇది కరిగే రకం, జిగట రకం, కానీ బ్యాక్టీరియాకు దాదాపు లొంగదు. అందుకే ఆ ముద్ద పెద్దపేగు చివరిదాకా ముద్దగానే వెళ్తుంది. గట్టిగా ఉన్న మలాన్ని మెత్తబరుస్తుంది. నీళ్ల విరేచనాలైతే వదులుగా ఉన్న నీటిని పట్టి మలాన్ని గట్టిపరుస్తుంది. ఒకే పొడి రెండు వ్యతిరేక పనులు చేయడం విద్యార్థులకు నమ్మబుద్ధి కాదు. రెండింటిలోనూ అది చేసేది నీటిని పట్టి ఉంచడమే అని రెండో గ్లాసు చూపిస్తే నమ్ముతారు.

చిన్నపేగులో అదే జిగట గ్లూకోజ్ రక్తంలోకి వెళ్లే వేగాన్ని తగ్గిస్తుంది, పైత్యరస ఆమ్లాలనూ పట్టుకుపోతుంది. కొలెస్ట్రాల్ కోసమైతే రోజుకు సుమారు 10 గ్రాముల ఇసబ్‌గోల్ పొట్టు కావాలి, అందులో 7 గ్రాములు కరిగే పీచు.

మన ఇళ్లల్లో ఇసబ్‌గోల్ అంటే రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లతోనో పాలతోనో. మోషన్ కోసమైతే ఆ వేళ సరిపోతుంది. షుగర్ కోసమైతే దండగ. అన్నం గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి వెళ్లిపోయిన మూడు గంటలకు జిగట వచ్చి ఏం ఆపుతుంది? తిండితో పాటు, లేదా తినే ముందు తాగాలి. ఈ ఒక్క మాట చెప్పేసరికి ఆ అమ్మాయి ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. వాళ్లమ్మ ఇదివరకే ఆరు నెలలు రాత్రిపూట తాగి, షుగర్ మీద "ఏం పనిచేయలేదు" అని మానేసిందట.

జాగ్రత్తలు రెండు. కనీసం ఒక పెద్ద గ్లాసు, అంటే పావు లీటరు నీళ్లతో, ఉబ్బకముందే తాగాలి. కొద్ది నీళ్లతో పొడి నోట్లో వేసుకుంటే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది. మింగడం కష్టంగా ఉన్నవాళ్లు, పేగు ఇరుకైందని డాక్టర్ చెప్పినవాళ్లు దాని జోలికి పోకూడదు. రెండోది, మాత్రలను కూడా జిగట పట్టేసుకుంటుంది. మాత్రకూ దానికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఇంకా దూరం పెట్టుకోవాలి, డాక్టర్‌ని అడిగి వేళ ఖాయం చేసుకోవాలి. షుగర్ మందు వాడుతూ కొత్తగా మొదలుపెడితే మొదటి వారం షుగర్ తరచుగా చూసుకోవాలి, పడిపోయే అవకాశం ఉంది.

ఇన్యులిన్

దీని పని పెద్దపేగులో బ్యాక్టీరియాకు మేత వేయడమే. అవి దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే పొట్టి కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. బ్యూటిరేట్ పెద్దపేగు కణాలకు ఇంధనం. ప్రయోజనం ఉన్నదే. కానీ "కరిగే పీచు" అన్న పేరు చూసి షుగర్, కొలెస్ట్రాల్ కోసం కొంటే డబ్బు పోయి గ్యాస్ మిగులుతుంది.

ఎవరికి ఏది

మలబద్ధకం ఒక్కటే సమస్యైతే, పొట్ట ఉబ్బరం లేకపోతే, గరుకు పొట్టు చవక. రోజుకు ఒక చెంచాతో మొదలుపెట్టి వారానికో చెంచా పెంచుకోవచ్చు. ఎల్‌డీఎల్ ఒక్కటే ఎక్కువుంటే, వంటకు ఓపిక ఉంటే, ఓట్స్ లేదా బార్లీ గంజి. తరచూ కడుపునొప్పి, ఒకరోజు విరేచనాలు, ఒకరోజు మలబద్ధకం అంటూ ఐబీఎస్‌తో బాధపడేవాళ్లకు పొట్టు పనికిరాదు, నొప్పీ ఉబ్బరమూ పెరుగుతాయి. ఇన్యులిన్ కూడా వద్దు. వాళ్లకు ఇసబ్‌గోల్ మేలు, అదీ చిన్న మోతాదుతో.

ఆ అమ్మాయి వాళ్లమ్మకు మూడు సమస్యలూ కలిసే ఉన్నాయి కాబట్టి ఇసబ్‌గోల్ తీసుకోమన్నాను. మొదటి వారం మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక టేబుల్ స్పూన్, అంటే ఓ 5 గ్రాములు. సర్దుకున్నాక రాత్రి భోజనానికి ముందు ఇంకోటి. మోషన్ తేడా రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది, ఎల్‌డీఎల్ మళ్లీ చూడాలంటే ఆరు వారాలైనా ఆగాలి. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఏ పీచూ వద్దు, ముందు డాక్టర్.

వంటింట్లో చిక్కబడే పీచు కావాలంటే మెంతులు ఉండనే ఉన్నాయి. నానబెట్టిన మెంతుల జిగటంతా గెలాక్టోమన్నన్, కరిగే పీచే. ఇక్కడి తార్నాక సంస్థ శాస్త్రవేత్తలే డయాబెటిస్‌లో మెంతులతో చేసిన ప్రయోగాలను 1990 ప్రాంతంలో ప్రచురించారు. అయితే ఆ ప్రయోగాల్లో వాడినవి పదుల గ్రాములు. పొద్దున్నే అర చెంచా మెంతులు నమిలి అదే ఫలితం కోరడం అత్యాశ.

పరీక్షలో ఇది ఎలా అడుగుతారు

భేదాల ప్రశ్నకు పట్టిక గీయండి, కానీ అయిదు అంశాలు సరిపోతాయి: నీళ్లలో ప్రవర్తన, రసాయన రకాలు, ఆహారాలు, పెద్దపేగులో పులియడం, ఆరోగ్య ఫలితం. చివర ఒక్క వాక్యం కలపండి: "ఇసబ్‌గోల్ కరిగే పీచు అయినా పులియదు కనుక మలబద్ధకంలో పనిచేస్తుంది." విషయం అర్థమై రాశారని ఎగ్జామినర్‌కు తెలిసేది ఆ వాక్యంతోనే.

ఎంసీక్యూలో "మలబద్ధకాన్ని నివారించే పీచు ఏది?" అని అడిగి, కరిగేది, కరగనిది అని రెండే ఇస్తే కరగనిది పెట్టండి, వాదన వద్దు. "కింది వాటిలో కరిగే పీచు ఏది?" అని అడిగి సెల్యులోజ్, లిగ్నిన్, ఇసబ్‌గోల్ జిగురు, గోధుమ పొట్టు ఇస్తే ఇసబ్‌గోల్. "పీచు శక్తినివ్వదు" అనేది తప్పొప్పుల ప్రశ్నలో తప్పు. పులిసే పీచు గ్రాముకు సుమారు 2 కిలోక్యాలరీలు ఇస్తుంది. "క్రూడ్ ఫైబర్, డయటరీ ఫైబర్ ఒకటే" అన్నదీ తప్పే. క్రూడ్ ఫైబర్ పరీక్షలో ఆమ్లం, క్షారం వేసి మరిగిస్తారు కాబట్టి కరిగే పీచంతా, హెమిసెల్యులోజ్‌లో చాలాభాగం కొట్టుకుపోతాయి.

ప్రాక్టికల్ వైవాలో మాత్రం కొలిచే పద్ధతి అడుగుతారు. పొడి చేసిన శాంపిల్‌ను ముందు వేడిని తట్టుకునే ఆల్ఫా అమైలేజ్‌తో, తర్వాత ప్రోటియేజ్‌తో, ఆపైన అమైలోగ్లూకోసిడేజ్‌తో జీర్ణం చేస్తారు. మన పొట్ట చేసే పనినే గాజు పాత్రలో చేయడమన్నమాట. వడకడితే పైన మిగిలింది కరగని పీచు. కింద దిగిన నీటికి నాలుగు రెట్లు 95 శాతం ఆల్కహాల్ కలిపితే తెల్లటి పొరల్లా కరిగే పీచు విడిపోతుంది. రెండింటి బరువుల్లోంచి మిగిలిపోయిన ప్రోటీన్, బూడిద తీసేయాలి. "ఆల్కహాల్ ఎందుకు?" అని తప్పకుండా అడుగుతారు. పొడవైన గొలుసులు ఆల్కహాల్‌లో కరిగి ఉండలేవు, చిన్న చక్కెరలు ఉండగలవు, అందుకు. వెంటనే "మరి ఇన్యులిన్ ఇందులో పట్టుబడుతుందా?" అని రెండో ప్రశ్న వేసే ఎక్స్‌టర్నల్ కూడా ఉంటారు. పూర్తిగా పట్టుబడదు. దాని గొలుసులు చాలావరకు పొట్టివి కాబట్టి కొంత ఆల్కహాల్‌లోనే ఉండిపోతుంది, దానికి వేరే పద్ధతి వాడాలి. మూడో గ్లాసులో చక్కెరలా మాయమైన పొడి గుర్తుంటే ఈ జవాబు దానంతటదే నోటికొస్తుంది.